నమాజ్ వేళ చెప్పడానికి ఇంటి గుమ్మం దాకా తెలియాలా? ఫోన్ లొకేషన్ వెనుక కథ

నమాజ్ వేళలు చూపే యాప్‌ను ఫోన్‌లో తొలిసారి తెరిస్తే, ముందుగా అడిగే వాటిలో లొకేషన్ ఒకటి. ఖిబ్లా దిశ చూపాలన్నా, అజాన్ వేళకు అలారం మోగించాలన్నా ఫోన్ ఎక్కడుందో తెలియాలి అంటుంది యాప్. మాట సబబుగానే ఉంది కాబట్టి చాలామంది ఆలోచించకుండా సరే అని నొక్కేస్తారు. కానీ ఎంతవరకు తెలియాలి? ఊరు తెలిస్తే చాలా, వీధి కావాలా, ఇంటి గుమ్మం దాకా కావాలా? కొన్నేళ్లుగా సాగుతున్న ఒక పెద్ద వ్యాపారమంతా ఈ తేడా మీదే నడుస్తోంది.

2020 నవంబర్‌లో అమెరికాకు చెందిన మదర్‌బోర్డ్ అనే వార్తా సంస్థ ఒక పరిశోధనా కథనం ప్రచురించింది. అప్పటికే 9 కోట్ల 80 లక్షలకు పైగా డౌన్‌లోడ్లు ఉన్నాయని చెప్పుకున్న ముస్లిం ప్రో అనే యాప్, వాడేవారి లొకేషన్‌ను ఎక్స్-మోడ్ అనే అమెరికన్ కంపెనీకి పంపుతోందని అందులో బయటపెట్టారు. ఎక్స్-మోడ్ కస్టమర్లలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారు. రెండు నెలలు తిరగకముందే, 2021 జనవరిలో, సలాత్ ఫస్ట్ అనే మరో నమాజ్ యాప్ ప్రెడిసియో అనే ఫ్రెంచ్ కంపెనీకి ఇదే విధంగా డేటా పంపుతోందని అదే సంస్థ రాసింది. దానికి కూడా కోటికి పైగా డౌన్‌లోడ్లు ఉన్నాయి.

ముస్లిం ప్రో తాము సైన్యానికి నేరుగా డేటా అమ్మామన్న మాటను ఖండించింది. ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకుంటున్నామని ప్రకటించింది. వాళ్ల మాట నిజమే కావచ్చు. ఈ వ్యాపారంలో ఎవరూ ఎవరికీ నేరుగా అమ్మరు, చిక్కంతా అక్కడే ఉంది. యాప్ తయారు చేసినవాళ్లు తమ యాప్‌లో వేరే కంపెనీ రాసిచ్చిన చిన్న కోడ్ ముక్కను చేరుస్తారు. దాన్ని ఎస్‌డీకే అంటారు. చేర్చినందుకు నెల నెలా డబ్బు వస్తుంది. వాడేవాళ్లు ఆ యాప్‌కు ఇచ్చిన అనుమతి ఆ కోడ్ ముక్కకు కూడా దక్కుతుంది, దాన్ని ఫోన్ విడిగా అడగదు. అక్కడి నుంచి డేటా బ్రోకర్‌కు, బ్రోకర్ నుంచి ఇంకో బ్రోకర్‌కు, చివరికి కొన్నవాడికి వెళుతుంది. మధ్యలో ఎవరిని అడిగినా "మేం వాళ్లకు అమ్మలేదు" అనే అంటారు. నిజం చెప్పినట్టే ఉంటుంది.

ఈ గొడవ తర్వాత 2020 డిసెంబర్‌లో ఆపిల్, గూగుల్ సంస్థలు ఎక్స్-మోడ్ కోడ్‌ను తమ యాప్ స్టోర్లలోని యాప్‌ల నుంచి తీసేయాలని ఆదేశించాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మాత్రం 2024 జనవరిలో గానీ కదలలేదు. ప్రార్థనా స్థలాలు, ఆసుపత్రుల లాంటి సున్నితమైన చోట్ల లొకేషన్ డేటా అమ్మకుండా ఆ కంపెనీని నిషేధించింది. అప్పటికి అది అవుట్‌లాజిక్ అని పేరు కూడా మార్చుకుంది. ఇక 2025 జనవరిలో గ్రేవీ అనలిటిక్స్ అనే మరో బ్రోకర్ మీద హ్యాకింగ్ జరిగినప్పుడు బయటపడ్డ జాబితాలో వేల యాప్‌ల పేర్లు కనిపించాయి. అందులో ఆటల యాప్‌లు, డేటింగ్ యాప్‌లు ఉన్నాయి, నమాజ్ యాప్‌లు, బైబిల్ యాప్‌లు కూడా ఉన్నాయి. ఈసారి ఎస్‌డీకే కూడా అవసరం పడినట్టు లేదు. యాప్‌లో ప్రకటన చూపించే ముందు జరిగే వేలంలో ఫోన్ వివరాలు బయటికి వెళతాయి, వాటిని అక్కడే పోగుచేసినట్టు కనిపించింది. అంటే ఆ యాప్ తయారుచేసినవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియకపోయి ఉండొచ్చు.

చుక్కలు కలిపితే మనిషి

"పేరు ఉండదు కదా, ఏదో నంబరు మాత్రమే కదా" అనేది ఈ వ్యాపారం చేసేవాళ్ల పాత సమాధానం. అది ఎంతవరకు నిలుస్తుందో ఒక ఉదాహరణతో చూడొచ్చు.

టోలిచౌకిలో ఉంటూ అబిడ్స్‌లో దుకాణం నడిపే ఒక మనిషి ఉన్నాడనుకుందాం. ఆయన ఫోన్‌లోని నమాజ్ యాప్‌కు ఖచ్చితమైన లొకేషన్, అదీ ఎప్పుడంటే అప్పుడు చూసే అనుమతి ఉంది. రాత్రి 11 నుంచి తెల్లవారుజాము దాకా చుక్కలన్నీ ఒకే భవనం మీద పడతాయి, అది ఇల్లు. ఫజర్ వేళకు 200 మీటర్ల దూరంలో ఇంకో చోట పావుగంట, అది మస్జిద్. పగలంతా అబిడ్స్‌లో ఒక షాపు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం చుక్క వేరే మస్జిద్‌కు వెళుతుంది, అంటే జుమా ఎక్కడ చదువుతాడో కూడా తెలిసిపోయింది. నెలకోసారి ఒక డయాగ్నస్టిక్ సెంటర్, రెండు నెలలకోసారి ఒక లాయర్ ఆఫీసు ఉన్న వీధి. పేరు ఎక్కడా లేదు. కానీ రాత్రిపూట ఆ ఇంట్లో ఉండి, పగలు ఆ దుకాణంలో కూర్చునే మనిషి ప్రపంచంలో ఎంతమంది ఉంటారు? ఒక్కరే.

2013లో ఒక పరిశోధక బృందం 15 లక్షల మంది మొబైల్ డేటా మీద ఇదే లెక్క వేసింది. సమయం, చోటు కలిపి నాలుగు చుక్కలు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని మిగతావారి నుంచి విడిగా గుర్తుపట్టొచ్చని తేలింది. అది కూడా సెల్ టవర్ల స్థాయి డేటాతో. జీపీఎస్ దానికంటే ఎన్నో రెట్లు సూక్ష్మంగా చెబుతుంది.

వేళలకు ఎంత సూక్ష్మం కావాలి?

మరి యాప్ అడిగేంత సూక్ష్మంగా లొకేషన్ ఇవ్వకపోతే నమాజ్ వేళ తప్పుతుందా? ఇది భయంతో కాదు, లెక్కతో తేల్చుకోవాల్సిన విషయం.

భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. హైదరాబాద్ ఉన్న అక్షాంశం దగ్గర తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ అంటే సుమారు 106 కిలోమీటర్లు. అంటే 26 కిలోమీటర్లకు పైగా పడమరకు జరిగితే గానీ జుహర్ వేళలో ఒక్క నిమిషం తేడా రాదు. చార్మినార్‌కూ పటాన్‌చెరుకూ మధ్య తేడా నిమిషం లోపే. మస్జిద్ గోడ మీద ఉండే క్యాలెండర్ నగరమంతటికీ ఒకటే సరిపోతున్నది ఇందువల్లే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఖచ్చితమైన లొకేషన్ ఆపేస్తే యాప్‌కు సుమారు 3 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఎక్కడో ఉన్నారని మాత్రమే తెలుస్తుంది. అంటే ఒకటి రెండు కిలోమీటర్ల పొరపాటు. దానివల్ల వేళలో వచ్చే తేడా నాలుగైదు సెకన్లు. ఐఫోన్ ఇచ్చే సుమారు లొకేషన్ ఇంకొంచెం విశాలంగా ఉండొచ్చు, అయినా తేడా నిమిషం దాటదు.

ఖిబ్లా సంగతీ అంతే. హైదరాబాద్ నుంచి మక్కా 4,000 కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడి నుంచి ఖిబ్లా పడమరకు ఉత్తరంగా సుమారు 13 డిగ్రీలు. మనిషి రెండు కిలోమీటర్లు అటు జరిగినా ఇటు జరిగినా ఆ దిశ మారేది డిగ్రీలో వందో వంతుల్లోనే. ఫోన్‌లోని దిక్సూచి మాత్రం పక్కన ఇనుప బీరువా ఉన్నా, కవర్‌లో అయస్కాంతం ఉన్నా పది డిగ్రీలు పక్కకు చూపగలదు. ఖిబ్లా తప్పుతోందని అనుమానం వస్తే లొకేషన్ పెంచడం కాదు, ఫోన్ కవర్ తీసి గాల్లో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి దిక్సూచిని సరిచేయాలి.

అందువల్ల ఖచ్చితమైన లొకేషన్ లేకుండా నమాజ్ యాప్ పనిచేయదనే వాదనలో పస లేదు. చాలా యాప్‌లలో ఊరి పేరు చేత్తో ఎంచుకునే వీలు కూడా ఉంటుంది. హైదరాబాద్ అని ఎంచుకుంటే లొకేషన్ అనుమతే ఇవ్వక్కర్లేదు.

సెట్టింగ్స్ ఎక్కడ మార్చాలి

ఆండ్రాయిడ్‌లో Settings లో Location కి వెళ్లి App location permissions తెరిస్తే (కొన్ని ఫోన్లలో App permissions అని ఉంటుంది) యాప్‌లన్నీ గుంపులుగా కనిపిస్తాయి. ఎప్పుడూ చూడగలిగేవి ఒక గుంపు, వాడుతున్నప్పుడే చూసేవి ఒక గుంపు, చూడలేనివి ఒక గుంపు. మొదటి గుంపు మీదే ఎక్కువ దృష్టి పెట్టాలి. అందులో ఉన్న ఒక్కో యాప్‌ను నొక్కి Allow only while using the app అని మార్చాలి. కింద Use precise location అనే బటన్ ఉంటుంది, దాన్ని ఆపేస్తే యాప్‌కు సుమారు లొకేషన్ మాత్రమే వెళుతుంది. ఈ బటన్ ఆండ్రాయిడ్ 12 నుంచి, అంటే 2021 తర్వాతి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల చేతుల్లో ఉండే పాత ఫోన్లలో ఇది కనిపించకపోతే అక్కడ అనుమతే ఇవ్వకుండా ఊరు చేత్తో ఎంచుకోవడం మేలు.

ఐఫోన్‌లో Settings, Privacy & Security, Location Services వరుసలో వెళితే యాప్‌ల జాబితా వస్తుంది. యాప్ మీద నొక్కితే Always, While Using the App, Never లాంటి ఎంపికలు, వాటి కింద Precise Location బటన్ ఉంటాయి. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఇది ఉంది.

ఏ యాప్‌కు ఎంత ఇవ్వాలన్నది ఆ యాప్ చేసే పనిని బట్టే ఉండాలి. క్యాబ్, ఫుడ్ డెలివరీ, మ్యాప్స్‌కు ఖచ్చితమైన లొకేషన్ లేకపోతే డ్రైవర్ పక్క గల్లీలో నిలబడి ఫోన్ చేస్తూనే ఉంటాడు. వాటికి వాడుతున్నంతసేపు ఇవ్వాల్సిందే. వాతావరణం, వార్తలు, నమాజ్ వేళలకు సుమారుగా చాలు. ఇక టార్చ్‌లైట్, లూడో, ఫొటోలు అందంగా మార్చే యాప్‌లకు లొకేషన్‌తో ఏం పని?

మార్చిన తర్వాత కొందరికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. అజాన్ అలారం ఆలస్యంగా మోగుతుంది, లేదా మోగదు. వెంటనే లొకేషన్ ఆపినందుకే ఇలా అయిందనుకుని మళ్లీ అన్నీ ఆన్ చేసేస్తారు. అసలు కారణం సాధారణంగా వేరే ఉంటుంది. వేళలు ఒకసారి లెక్కకట్టాక అలారం మోగడానికి లొకేషన్‌తో పనిలేదు. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చేస్తుంది, కొన్ని బ్రాండ్ల ఫోన్లలో ఈ బెడద మరీ ఎక్కువ. యాప్ వివరాల్లో Battery కి వెళ్లి Unrestricted అని పెడితే చాలావరకు సరవుతుంది.

ఇంకో గందరగోళం అసర్ వేళ దగ్గర. యాప్ చూపే వేళకూ మస్జిద్ వేళకూ దాదాపు గంట తేడా ఉంటే అది లొకేషన్ తప్పు కానే కాదు. యాప్‌లో హనఫీ బదులు షాఫయీ పద్ధతి ఉండి ఉంటుంది. ఫజర్, ఇషాల్లో కొన్ని నిమిషాల తేడా ఉంటే లెక్క పద్ధతి వేరే దేశానిది అయి ఉండొచ్చు. మన వైపు ఎక్కువగా కరాచీ పద్ధతి పెట్టుకుంటారు. నిజంగా లొకేషన్ వల్ల వచ్చే తప్పు ఒక్కటే సందర్భంలో కనిపిస్తుంది. ఊరు చేత్తో ఎంచుకుని, ప్రయాణంలో మార్చడం మరిచిపోయినప్పుడు. ఉమ్రాకో, గల్ఫ్‌లో ఉద్యోగానికో వెళ్లి విమానం దిగాక యాప్‌లో ఇంకా హైదరాబాద్ అనే ఉంటే వేళలు తప్పకుండా తేడా వస్తాయి.

గూగుల్ రాసుకున్న డైరీ

యాప్‌ల అనుమతులు ఒక ఎత్తు, గూగుల్ లొకేషన్ హిస్టరీ ఇంకో ఎత్తు. ఇప్పుడు దాని పేరు టైమ్‌లైన్. ఏ రోజు ఎక్కడికి వెళ్లారు, ఏ దారిలో వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు అన్నది తేదీల వారీగా అందులో ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో పైన ఉండే ఫొటో మీద నొక్కి Your Timeline తెరిస్తే, ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయినవాళ్లకు సంవత్సరాల నాటి ప్రయాణాలు కూడా కనిపించొచ్చు.

2023 డిసెంబర్‌లో గూగుల్ ఒక మంచి మార్పు ప్రకటించింది. ఈ డైరీని ఇకపై తన సర్వర్లలో కాకుండా ఫోన్‌లోనే ఉంచుతామని, మూడు నెలలు దాటినవి తనంతట తానే చెరిగిపోయేలా పెడతామని చెప్పింది. దీనివల్ల "ఫలానా వేళకు ఫలానా చోట ఎవరెవరున్నారో చెప్పండి" అని పోలీసులు కంపెనీని గంపగుత్తగా అడిగే దారి మూసుకుపోతుంది. అయితే ఫోన్‌లోనే ఉంది అంటే ఫోన్ ఎవరి చేతికి వస్తే వాళ్లకు కనిపిస్తుందని కూడా అర్థం. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీల పేరుతో పోలీసులు యువకులను రోడ్డు మీద ఆపి ఫోన్‌లలో చాట్‌లు వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చిన సంగతి పాతబస్తీ ఇంకా మరిచిపోలేదు. అన్‌లాక్ చేసిన ఫోన్‌లో చాట్ ఎంత దూరమో టైమ్‌లైన్ కూడా అంతే దూరం.

దీన్ని ఆపాలంటే Timeline పేజీలోని మెనూ నుంచి Location & privacy settings కి వెళ్లాలి. అక్కడ టైమ్‌లైన్ ఆన్‌లో ఉందో లేదో చూపిస్తుంది. ఆపేటప్పుడు రెండు ఎంపికలు వస్తాయి. Turn off అంటే ఇకపై రాయడం ఆగుతుంది, పాతది అలాగే ఉంటుంది. పాతది కూడా పోవాలంటే Turn off and delete activity ఎంచుకోవాలి. ఒకే ఖాతాతో రెండు ఫోన్లు వాడేవాళ్లు రెండింటిలోనూ చూసుకోవాలి. చెరిపేస్తే మళ్లీ తిరిగిరాదు కాబట్టి డ్యూటీ ప్రయాణాల బిల్లులకో, ఏదైనా కేసులో తాను అక్కడ లేనని చూపడానికో ఆ వివరం అవసరమయ్యేవాళ్లు ముందే దాచుకోవాలి.

ఇక్కడితో అయిపోదు. 2018లో అసోసియేటెడ్ ప్రెస్ ఒక సంగతి బయటపెట్టింది. లొకేషన్ హిస్టరీ ఆపేసినా, Web & App Activity అనే వేరే సెట్టింగ్ ద్వారా గూగుల్ లొకేషన్‌ను దాచుకుంటూనే ఉందని తేలింది. దాని మీద నడిచిన దర్యాప్తులో 2022 నవంబర్‌లో అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39 కోట్ల 15 లక్షల డాలర్లు చెల్లించడానికి గూగుల్ ఒప్పుకుంది. అందువల్ల గూగుల్ ఖాతాలో Data & privacy కి వెళ్లి ఆ రెండో సెట్టింగ్‌ను కూడా చూడాలి. పూర్తిగా ఆపడం ఇష్టం లేకపోతే మూడు నెలలకోసారి చెరిగేలా Auto-delete పెట్టొచ్చు. ఐఫోన్‌లో ఇలాంటి డైరీనే Location Services లోపల System Services లో Significant Locations పేరుతో ఉంటుంది. అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఆపిల్ కూడా చదవలేదు, అయినా అక్కర్లేనివాళ్లు ఆపేయొచ్చు.

ఆండ్రాయిడ్‌లో ఇంకో చిన్న పని మిగిలింది, దీన్ని చాలామంది వదిలేస్తారు. బ్రోకర్లు రకరకాల యాప్‌ల నుంచి వచ్చిన చుక్కలన్నీ ఒకే ఫోన్‌వని కలిపేది అడ్వర్టైజింగ్ ఐడీ అనే నంబరుతో. Settings లో Google, ఆ తర్వాత Ads లోకి వెళ్లి Delete advertising ID నొక్కితే ఆ దారం తెగుతుంది. ఐఫోన్‌లో Privacy & Security కింద Tracking లో Allow Apps to Request to Track ను ఆపితే అదే పని జరుగుతుంది.

ఇవన్నీ చేసినా ఆగనివి

ఇప్పటికే అమ్ముడుపోయిన డేటా వెనక్కి రాదు. ఇంటర్నెట్ వాడినంతసేపు ఐపీ అడ్రస్‌ను బట్టి ఏ నగరమో సుమారుగా తెలుస్తూనే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, సిమ్ ఉన్నంతవరకు ఫోన్ ఏ టవర్ కింద ఉందో టెలికాం కంపెనీకి తెలుసు. కాల్ రికార్డుల వివరాలను కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబర్‌లో కేంద్రం నిబంధన మార్చింది. దీన్ని ఏ సెట్టింగ్ కూడా ఆపలేదు. యాప్ అనుమతులు తగ్గించేది కంపెనీల చూపును, ప్రభుత్వ చూపును కాదు.

చట్టం ఎక్కడుంది అంటే, సగం దారిలో. 2024 జూలై 8న సుప్రీంకోర్టు ఫ్రాంక్ వైటస్ కేసులో, బెయిల్ మీద ఉన్న నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి దర్యాప్తు అధికారికి తన లొకేషన్ కనిపించేలా చేయాలన్న షరతును కొట్టేసింది. నిందితుడి ప్రతి కదలికనూ పోలీసులు గమనించేలా బెయిల్ షరతు పెట్టడం గోప్యత హక్కుకు విరుద్ధమని చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఒక చక్కని ఉదాహరణ ఉంది. వైద్య సలహా ఇచ్చే యాప్ కాంటాక్ట్ లిస్ట్ కూడా అడిగి, మనిషి రెంటికీ సరే అన్నా, ఆ సమ్మతి వైద్య సేవకు అవసరమైనంత వరకే చెల్లుతుంది. అదే కొలమానం పెడితే నమాజ్ యాప్‌కు ఖచ్చితమైన లొకేషన్ ఇచ్చిన సమ్మతి ఎంతవరకు చెల్లుతుందో ఊహించడం కష్టం కాదు. కానీ 2025 నవంబర్‌లో వచ్చిన నియమాల ప్రకారం సమ్మతికి సంబంధించిన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఉంది. పైగా ప్రభుత్వం నోటిఫై చేసే తన సంస్థలకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు సెక్షన్ 17లో ఉంది.

అదే సమయంలో వేరే దిశలో మరో ప్రయత్నం నడిచింది. ఫోన్‌లో ఉపగ్రహ లొకేషన్ సదా ఆన్‌లోనే ఉండాలని, దాన్ని ఆపే బటన్ వాడేవారికి ఉండకూడదని టెలికాం కంపెనీల సంఘం చేసిన ప్రతిపాదనను కేంద్రం పరిశీలిస్తోందని 2025 డిసెంబర్‌లో రాయిటర్స్ రాసింది. ఆపిల్, గూగుల్, శామ్‌సంగ్ దాన్ని వ్యతిరేకించాయి. టవర్ ఆధారంగా అయితే కొన్ని వందల మీటర్ల తేడా ఉంటుంది, దర్యాప్తు సంస్థలకు అది చాలడం లేదన్నది ప్రతిపాదన వెనుక వాదన. ఆ కథనం వచ్చిన నాటికి ప్రభుత్వం నిర్ణయం తీసుకోలేదు.